రోడ్డు వైపు గది

అక్క బడిలో ఒక పిల్లను కొట్టిందని బావ ఫోన్ చేసి చెబితే నేను నమ్మలేదు. ఇంకెవరో టీచరై ఉంటారు, సరిగ్గా కనుక్కో అన్నాను. ఇరవై ఏడేళ్ల సర్వీసులో బెత్తం ముట్టుకోని మనిషి ఆవిడ. చిన్నప్పుడు నేను జడ పట్టుకుని లాగినా తిరిగి ఒక్క దెబ్బ వెయ్యలేదు. ఇంట్లో ఉన్న కోపమంతా నా ఒక్కదాని వాటాకే వచ్చిందని అమ్మ అంటుండేది, అది నిజం కూడాను.

కానీ కొట్టింది అక్కే. జనవరి ఆఖరులో, మధ్యాహ్నం భోజనాల తర్వాత, ఆరో తరగతి తెలుగు పీరియడులో. వెనక కిటికీ పక్కన కూర్చునే పిల్ల "ఏ పేజీ మేడం?" అని అడిగింది. అక్క చెప్పింది. మళ్లీ అడిగింది. మళ్లీ చెప్పింది. మూడోసారి అడిగేసరికి అక్క ఆ బెంచీ దాకా నడిచి వెళ్లి చెంప మీద కొట్టింది. పిల్లకి రెండు రోజులు చెవి పోటు. పిల్ల చిన్నాన్న కాగితం రాసి పై అధికారులకిచ్చాడు. అక్కకి మెమో వచ్చింది.

ఆ ఆదివారం విశాఖపట్నం నుంచి చోడవరం వెళ్లాను. అక్క నన్ను చూసి ఏడవలేదు, సంజాయిషీ చెప్పలేదు. టీ ఇచ్చింది. బావ బయటికి వెళ్లేదాకా ఆగి అడిగింది.

"ఒసే, నువ్వు సదివింది ఇదే గదా. ఆ కోపం నాలో ఉందా, ఆ రోడ్డు పక్క గదిలో ఉందా, సూసి సెప్పు. నాలోనే ఉంటే నేను పిల్లల దగ్గర ఉండకూడదు. మానేస్తాను."

నేను నిజంగా చదివింది అదే. ఒక డిగ్రీ కాలేజీలో సైకాలజీ చెబుతాను. ఇరుకు, చప్పుడు, చెట్టూ చేమా మనిషి బుర్రని ఏం చేస్తాయన్నది నా సబ్జెక్టు. నగరంలో ఫ్లైఓవర్ పక్క అపార్ట్‌మెంట్లలో, బస్ కాంప్లెక్సుల దగ్గర, కిక్కిరిసిన హాస్టళ్లలో నా విద్యార్థుల చేత సర్వేలు చేయించాను. అక్క అడిగిన ప్రశ్నకి జవాబు చెప్పడం నాకు చాతనయ్యే పనేనని అప్పుడు గట్టిగా అనుకున్నాను. చూసి చెబుతాను, అందాకా నోరు మూసుకుని బడికి వెళ్లు అన్నాను. సరేనంది.

ప్రభుత్వ విచారణ కదా, నత్త నడక నడిచింది. వేసవి సెలవులు వచ్చాయి, పోయాయి. ఆగస్టులో విచారణ అని కబురొచ్చింది. జూలైలో మా కాలేజీలో పరీక్షలు నడుస్తుంటే మూడు రోజులు సెలవు పెట్టి, డిపార్ట్‌మెంటులో ఉన్న చప్పుడు కొలిచే మీటరు సంచీలో వేసుకుని చోడవరం వెళ్లాను. హెడ్మాస్టరు మంచాయన. కుర్చీ వేయించి, మీ ఇష్టం వచ్చినన్ని రోజులు కూర్చోండి అన్నాడు.

ఆ గది గురించి చెప్పాలి. ప్రహరీకి ఆనుకుని కట్టారు, ప్రహరీ అవతల మెయిన్ రోడ్డు. ముప్ఫై అయిదు మందికి సరిపోయే గదిలో యాభై ఎనిమిది మంది. ముగ్గురు కూర్చునే బెంచీ మీద అయిదుగురు. రాసేటప్పుడు ఒకళ్ల మోచెయ్యి ఇంకొకళ్ల పుస్తకం మీద ఉంటుంది. కిటికీ రెక్కలు మూస్తే చప్పుడు తగ్గుతుంది, కానీ ఆ ఉక్కలో పిల్లలు అయిదు నిమిషాలు కూడా ఉండలేరు. అందుకని ఎప్పుడూ తెరిచే ఉంటాయి. చప్పుడు ఎంతుందన్నది ఒక లెక్క. దాన్ని ఆపడం మన చేతిలో ఉందా లేదా అన్నది ఇంకో లెక్క, చాలాసార్లు అదే పెద్దది. ఎప్పుడు వస్తుందో తెలియని హారను, ఆపడానికి దారి లేని హారను, మనిషిని ఎక్కువ అరగదీస్తాయి. కావాలంటే ఆపుకోవచ్చు అన్న భరోసా ఉంటే అదే చప్పుడు అంత చెయ్యదు, ఆపుకోకపోయినా సరే. ఇది నేను ఏటేటా పాఠం చెప్పే విషయం.

మూడు రోజులూ కిటికీ దగ్గరా, మధ్య బెంచీ దగ్గరా, బోర్డు దగ్గరా కొలిచాను. ఆటోలు, బస్సులు, మోటారు సైకిళ్లు. ముల్లు డెబ్బై డెసిబెల్స్ దగ్గర ఆడింది, దాటిన సందర్భాలు తక్కువ. పాఠం వినడానికి అది ఎక్కువే. అయినా మన ఊళ్లలో రోడ్డు పక్కనున్న ఏ బడిలో కొలిచినా అటూ ఇటూగా అంతే వస్తుంది.

ఆ పిల్ల ఇంటికి కూడా వెళ్లాను. ఏడో తరగతికి వచ్చింది, గది మాత్రం అదే. బస్టాండు వెనక సందులో ఒకటిన్నర గది. తొమ్మిది మంది. టీవీ మోగుతోంది, దాని మీద మిక్సీ, దాని మీద ఇద్దరు మగవాళ్ల ఫోన్ మాటలు. పిల్ల మేడ మెట్ల మీద గోడకి తిరిగి కూర్చుని లెక్కలు చేసుకుంటోంది. వాళ్లమ్మ నాలుగుసార్లు పిలిచింది. పిల్ల తల తిప్పలేదు. అయిదోసారి భుజం తట్టి పిలుచుకొచ్చింది.

"సెవుడేమో అని సూపించేం మేడం. డాక్టరు సెవులు బాగానే ఉన్నాయన్నాడు. పిలిస్తే పలకదు, అంతే" అంది తల్లి.

అంత ఇరుకులో, అన్ని గొంతుల మధ్య పెరిగే పిల్లలు బతకడానికి ఒక పని నేర్చుకుంటారు. మాటల్ని లోపలికి రానివ్వరు. అదీ ఇదీ అని ఎంచకుండా అన్ని మాటల్నీ. ఇంట్లో అది వాళ్లని కాపాడుతుంది. బడిలో టీచరు గొంతుని కూడా అదే బయట ఆపేస్తుంది. ఆ పిల్ల మూడుసార్లు పేజీ అడిగింది పొగరుతో కాదు. పాపం, దానికి నిజంగానే అందలేదు. అక్క కొట్టింది ఏ తప్పూ లేని పిల్లని. ఈ సంగతి అక్కకి చెప్పాను. చెప్పకుండా ఉండాల్సిందేమో. విని అక్క మొహం పాలిపోయింది. ఆ సాయంత్రం అన్నం తినలేదు.

తర్వాత విచారణలో ఇవ్వడం కోసం రిపోర్టు రాయడానికి కూర్చున్నాను. ఇక్కడే నా ఘనత చెప్పుకోవాలి. రాస్తున్నది సొంత చెల్లెలు అని ఎవరైనా వేలెత్తి చూపిస్తారని నాకు భయం. అందుకని అంకెని అంకెలాగే పెట్టాను, ఒక్క మాట ఎక్కువ వెయ్యలేదు. "గదిలోని చప్పుడు రోడ్డు పక్క బడులలో సాధారణంగా కనిపించే స్థాయిలోనే ఉన్నది" అని రాశాను. కింద రెండు పేజీలు, ఏళ్ల తరబడి ఇలాంటి గదిలో పనిచేస్తే ఓర్పు ఎలా తగ్గుతుందో కూడా వివరంగా రాశాను. రాసి, నా నిజాయితీకి నేనే మురిసిపోయాను. నా మొహం.

విచారణకి వచ్చిన అధికారి చెడ్డవాడేమీ కాదు. పిల్లల్ని ఒక్కొక్కరినే పిలిచి అడిగాడు. మేడం కొట్టినప్పుడు రోడ్డు మీద గోలగా ఉందా అని. లేదు సార్, అప్పుడు నిశ్శబ్దంగానే ఉంది, ఏ బండీ లేదు అన్నారు పిల్లలు. అబద్ధం చెప్పలేదు వాళ్లు. నేను లేచి, చప్పుడు చేసే నష్టం చాలాసార్లు చప్పుడు ఆగిన తర్వాతే బయటపడుతుందండీ అన్నాను. గోల నడుస్తున్నంతసేపూ మనిషి పళ్లు బిగించి నెట్టుకొస్తాడు. ఆగాక ఆ బిగింపు ఖరీదు కట్టాల్సి వస్తుంది, ఓపిక ఉండదు, చిన్నదానికే చెయ్యి లేస్తుంది అని చెప్పాను. ఆయన మర్యాదగా విన్నాడు. విని, నా రిపోర్టులోంచే ఆ ఒక్క వాక్యం పైకి చదివాడు. సాధారణ స్థాయి అని మీరే అంటున్నారు కదమ్మా అన్నాడు.

ఇరవై ఏడేళ్ల మంచి పేరు ఉంది గనక మందలింపుతో సరిపెట్టారు. బావ ఊపిరి పీల్చుకున్నాడు. నేను స్వీట్లు కొన్నాను కూడా. అక్క ఒక్క ముక్క నోట్లో వేసుకుని, మిగతావి పక్కింటి వాళ్లకిచ్చింది. నేను అడిగినదానికి నువ్వు జవాబు చెప్పలేదు అంది. కాగితంలో ఉంది కదా, చదువుకో అన్నాను విసుగ్గా. బస్సు టైమైపోతోందని నా గొడవ నాది. ఆ తొందరని ఇప్పటికీ నేను క్షమించుకోలేను.

డిసెంబరులో ఒక మధ్యాహ్నం ఏదో పనుండి బావకి ఫోన్ చేశాను. ఆయన బడి ముందున్న పాన్ షాపు దగ్గరున్నాడట. మాట వినపడటం లేదు. ఇంజను మోత, ఏదో పాట, హారన్లు. ఏటి బావా అక్కడ ఊరేగింపా అని అరిచాను.

"ఊరేగింపేటే, క్రషింగు మొదలైంది గదా. సెరుకు ట్రాక్టర్లు" అన్నాడు.

ఫోన్ పట్టుకుని అలాగే నిలబడిపోయాను. నేను కొలిచింది జూలైలో. అక్క కొట్టింది జనవరిలో. చక్కెర ఫ్యాక్టరీ చెరుకాడే ఆ నాలుగు నెలలూ మా ఊరి మెయిన్ రోడ్డు వేరే రోడ్డు. చెరుకు నింపిన ట్రాక్టర్లు, లారీలు పొద్దుటి నుంచి ఒకదాని వెనక ఒకటి. ఒకటి ఆగితే వెనకవన్నీ ఆగుతాయి, హారన్లు కొడతాయి. ట్రాక్టరుకో సౌండు బాక్సు, బాక్సుకో పాట. ఇవన్నీ నాకు తెలియవా? పుట్టింది అక్కడే. ట్రాక్టరు వెనక పరుగెత్తి చెరుకు గడ లాక్కున్నదాన్ని. బయటి ఊరి మనిషి ఎవరైనా రెండు రోజులుంటే, ఏడాది పొడుగునా ఇలాగే ఉంటుందా అని అడిగేవాడు. నాకు ఆ ప్రశ్నే తట్టలేదు. ఆ మోత నాకు చప్పుడు కాదు, మా ఊరు. అలవాటు పడ్డామంటే బాధ లేదని కాదు, బాధని గమనించడం మానేశామని, అంతే. ఇది కూడా నేనే పాఠం చెబుతాను, ప్రతి ఏడాదీ, బోర్డు మీద రాసి మరీ.

సంక్రాంతి సెలవులు అయిపోయి బడి తెరిచాక వెళ్లాను. హెడ్మాస్టరు మళ్లీ కుర్చీ వేయించాడు. ఆ రోజు అక్క సెలవు పెట్టింది, అనకాపల్లిలో ఏదో పనుందని. ఏం పని అని నేను అడగలేదు. సరే మంచిదే, తను లేకుండా కొలుస్తాను, సాయంత్రం చెప్పి ఆశ్చర్యపరుస్తాను అనుకున్నాను.

మీటరు చూడక ముందే చెవులకి తెలిసిపోయింది. మొదటి పీరియడులోనే ముల్లు ఎనభై దాటి తొంభై దాకా ఎగిరి పడుతోంది. లెక్కల మేష్టారు ఒక వాక్యం మొదలెడతాడు, ట్రాక్టరు వస్తుంది, ఆపుతాడు, పోతుంది, మొదలెడతాడు, ఇంకోటి వస్తుంది. పిల్లలు అతని పెదాలు కూడా చూడటం లేదు. మూడో పీరియడుకి నాకు దవడలు నొప్పి పుట్టాయి, పళ్లు బిగించి కూర్చున్నానని అప్పుడు తెలిసింది.

మధ్యాహ్నం భోజనాల దగ్గర వంట చేసే ఆవిడ నా పక్కన కూర్చుంది. మా అక్క ఇదివరకు వెనకవైపు కానుగ చెట్ల కింద ఒక్కతే నిలబడి అన్నం తినేదట. పావుగంట ఎవ్వరితోనూ మాట్లాడేది కాదట. ముందటేడాది వేసవిలో ఆ నాలుగు చెట్లూ కొట్టి కొత్త గదులకి పునాది తీశారు. పునాది పునాదిలాగే ఉండిపోయింది. అప్పటి నుంచి మేడం గారు ఈ రోడ్డు వరండాలోనే తింటన్నారు అంది ఆవిడ. అంటే, కొట్టిన ఆ జనవరికి చెట్లు పోయి ఏడు నెలలు. పచ్చటి ఆకుల్లోకి ఊరికే చూస్తూ నిలబడ్డ పావుగంట అలిసిన బుర్రని మళ్లీ నిలబెడుతుంది. ఎవరూ నేర్పకుండానే అక్క ఆ మందు కనిపెట్టుకుని ఏళ్లుగా వాడుకుంటోంది. ఆ మందు తీసేశారు. తీసేసినట్టు తనకీ తెలియదు. తెలియక, తనకి కోపం రోగం వచ్చిందనుకుంది.

మధ్యాహ్నం ఒక చిన్న పరీక్ష పెట్టాను. ఏడో తరగతి ‘ఎ’ సెక్షను ఈ గదిలో ఉంటుంది, బీ సెక్షను వెనకవైపు, కిటికీలు చెరుకు తోటలోకి తెరుచుకునే గదిలో. రెండు సెక్షన్లకీ ఒకే కాగితం. కలం ఎత్తకుండా బొమ్మలు గీయాలి. అందులో ఒకటి ఎవరికీ రానిది, ఎంతసేపు ప్రయత్నిస్తారో చూడటానికి పెట్టింది. అయిపోయాక అది రాదని పిల్లలకి చెప్పేశాను. బీ సెక్షను వాళ్లు గంట కొట్టేదాకా కుస్తీ పట్టారు. ఈ గది వాళ్లు సగంలోనే కాగితాలు పక్కన పడేసి బల్ల మీద తలలు వాల్చారు. ఒక్క రోజు, రెండు సెక్షన్లు, దీంతో ఏదీ రుజువైపోదు, ఆ సంగతి నాకు తెలుసు. అయినా ఆ వాలిన తలలు చూస్తుంటే నాకు ఏడుపొచ్చింది.

ఆఖరి పీరియడు. రోడ్డు మీద ఎక్కడో ఏదో అడ్డం పడ్డట్టుంది, ఉన్నట్టుండి బండ్లన్నీ ఆగిపోయాయి. పొద్దుటి నుంచి మొదటిసారి నిశ్శబ్దం. నేను కాగితాలు లెక్క పెట్టుకుంటున్నాను. ఆ పిల్ల పేరు రాయని తన కాగితం పట్టుకుని వచ్చి బల్ల ముందు నిలబడింది.

"మేడం, పేరు పైన రాయాలా, కింద రాయాలా?"

పైన అన్నాను. వెళ్లింది. మళ్లీ వచ్చి అదే అడిగింది. పైన అన్నాను. లెక్క తప్పింది, మళ్లీ మొదలెట్టాను. మూడోసారి వచ్చింది. నా చెయ్యి లేచింది. నేను లేపానని అనలేను, లేచింది. పిల్ల రెండు చేతులూ చెంపలకి అడ్డం పెట్టుకుని కళ్లు మూసుకుంది. అది చూసి ఆగాను. ఎదురుగా మిగతా యాభై ఏడు మంది నన్నే చూస్తున్నారు. ఆ పిల్ల ఎందుకు అడుగుతుందో ఈ లోకంలో అందరికంటే బాగా తెలిసినదాన్ని నేను. ఆ తెలివి నా చేతిని ఆపలేదు. పిల్ల భయం ఆపింది.

దాన్ని దగ్గరికి తీసుకుని క్షమించమని అడిగాను. ఏం పర్లేదు మేడం అంది.

ఆటో కోసం కూడా ఆగలేదు. అక్క ఇంటికి దాదాపు పరుగెత్తాను. సిగ్గుతో చచ్చిపోతున్నాను, అయినా లోపల ఎక్కడో సంతోషం. జవాబు దొరికింది. గదిలోనే ఉంది, నీలో లేదు. ఉదయం నుంచి ఒక్క రోజు కూర్చుంటే నా చెయ్యే లేచింది, నువ్వు ఇన్ని జనవరులు ఎలా భరించావే తల్లీ అని చెప్పాలి.

అక్క అప్పుడే అనకాపల్లి నుంచి వచ్చి చీర మార్చుకుంటోంది. గుక్క తిప్పుకోకుండా అంతా చెప్పాను. ట్రాక్టర్లు, కానుగ చెట్లు, బొమ్మల కాగితం, నా చెయ్యి. అక్క మంచం మీద కూర్చుని ఓపిగ్గా విన్నది. నేను ఆపాక, స్వచ్ఛందంగా పదవీ విరమణ కోరుతూ పొద్దునే ఆఫీసులో కాగితం ఇచ్చి వచ్చానని చెప్పింది.

వెనక్కి తీసుకో అన్నాను. రేపే వెళ్దాం, నేను కూడా వస్తాను, రెండో రిపోర్టు రాస్తాను, మొదటిది తప్పని నేనే సంతకం పెడతాను అన్నాను. కాళ్లు పట్టుకున్నాను, నిజంగానే పట్టుకున్నాను. అక్క నన్ను లేవదీసి పక్కన కూర్చోబెట్టుకుంది. నా తల నిమిరింది.

"అప్పుడు నేను అక్కనని సూడకుండా రాసేవు. ఇప్పుడు అక్కనని సూసి మాటాడతన్నావు. నేను ముందుదే నమ్ముతాను."

చెయ్యి లేచిందన్నది కూడా నమ్మలేదు. నా కోసం కల్పించి చెబుతున్నావు అంది. బడికి వెళ్లి పిల్లల్ని అడుగు అన్నాను. ఇంక ఆ పిల్లల ముందు ఏ మొహం పెట్టుకుని నిలబడను అంది.

రెండో రిపోర్టు ఆ వారంలోనే రాశాను. ఆరు పేజీలు. హెడ్మాస్టరుకిచ్చాను, పై ఆఫీసుకి పంపాను, ఒక కాపీ అక్క బల్ల మీద పెట్టాను. అక్క దాన్ని తియ్యలేదు, చదవలేదు. మార్చి ఆఖరున, క్రషింగు ఇంకా నడుస్తుండగానే, రిలీవ్ అయిపోయింది.